పుదుచ్చేరి చేరిన నాటి అరవిందుల ‘పురోగమన చంద్రుడు’

పుట్టిన తర్వాత గడిచిన ఒక్కో రోజును జీవితంలో ఒక్కో ఏడాదిగా లెక్కించడమే పాశ్చాత్య జ్యోతిషంలోని ద్వితీయ పురోగమన పద్ధతి. 1872 ఆగస్టు 15 వేకువన కలకత్తాలో జన్మించిన శ్రీ అరవిందులు 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరారు. అప్పటికి వయసు 37 ఏళ్ల ఏడున్నర నెలలు. కనుక పుట్టిన వేళ నుంచి 37 రోజుల 15 గంటలు లెక్కిస్తే 1872 సెప్టెంబరు 21 రాత్రి వస్తుంది. ఆ రాత్రి చంద్రుడు సాయన వృషభంలో 25 డిగ్రీల సమీపంలో ఉన్నాడు.

పురోగమన చంద్రుడు నెలకు సుమారు ఒక డిగ్రీ కదులుతూ, ఒక్కో రాశిలో రెండేళ్లకు పైగా ఉంటాడు. ఆ కాలంలో మనసు దేనివైపు మొగ్గిందో చూపుతాడని జ్యోతిషుల మాట. వృషభం స్థిరనివాసానికి సంకేతమట! అయితే 1909 మే 6న అలీపూర్ కేసులో నిర్దోషిగా విడుదలయ్యే ముందు, జైలులో గడిపిన చివరి నెలల్లోనూ ఆ చంద్రుడు వృషభంలోనే ఉన్నాడు. జన్మసమయం గంట తప్పినా లెక్క జరిగేది సుమారు పదిహేను రోజులే కనుక, నెపాన్ని గడియారంపై వేయలేం.