జెండా ఎక్కడ పట్టుకోవాలి?

వినికిడి లోపమున్న పిల్లలకు విజిల్ బదులు జెండా ఊపితే చాలనుకుంటారు కొందరు పీఈటీలు. చిక్కంతా జెండా ఎక్కడుందన్నదే. గీత దగ్గర వంగిన పిల్లవాడి చూపు నేలమీద ఉంటుంది. పక్కన నిలబడి ఊపితే వాడికి కనబడదు. పక్కవాడు కదిలాకే లేస్తాడు. ప్రతిసారీ వాడి మొదటి అడుగు ఆలస్యమవుతుంటే జెండా చోటు మార్చి చూడండి.

టీచరు కాస్త ముందు, లేన్ పక్కగా కూర్చుని జెండాను నేలకు ఆనించాలి. అది నేలమీదుంటే ‘సిద్ధం’, లేస్తే ‘పరుగు’. ముందు ఒకరితో చేయించి చూపాలి. చూపేటప్పుడు మాట్లాడకూడదు, పెదాలనూ కాళ్లనూ ఒకేసారి ఎలా చూస్తారు?

బధిరుల ఒలింపిక్స్‌లో ఈ పని రంగు దీపాలు చేస్తాయి. బడిలో లేన్లు ఎక్కువైతే, ఒక్క జెండా అందరికీ కనబడదు కాబట్టి, నిలబడే పరుగు మొదలుపెట్టించడం మేలు.