సగానికి తగ్గుతుంది సరే... ఎంతలో సగం?

మొన్న ఓపీకి అల్లాదుర్గ్ నుంచి ఓ జంట వచ్చారు. ఆయనకు రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆవిడకు అరవై దాటాయి, గుండె జబ్బేమీ లేదు. చేతిలో ఒక కరపత్రం. ‘‘సార్, ఈయన వేసుకునే గోలీలు 30 శాతమే కాపాడుతాయట. ఇందులోదైతే గుండెపోటు ముప్పు సగానికి తగ్గిస్తుందట. ఈయనకు ఇది రాసి, నాకూ ఒకటి రాయండి’’ అన్నారు.

ఆ రెండు అంకెలూ అబద్ధం కాదు. కానీ ఎంతలో 30 శాతం, ఎంతలో సగం అన్నది చూడాలి.

2008లో వెలువడిన ‘జూపిటర్’ అధ్యయనంలో గుండె జబ్బు లేని 17,802 మందిని రెండు సమాన జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజూ రోసువాస్టాటిన్, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు రెండేళ్లలో ఉత్తుత్తి మాత్ర జట్టులో 68 మందికి, మందు జట్టులో 31 మందికి గుండెపోటు వచ్చింది. 68 నుంచి 31కి అంటే సగానికి పైగా తగ్గినట్టే. దీన్ని సాపేక్ష తగ్గుదల అంటాం. ప్రకటనల్లో కనిపించేది ఇదే.

కానీ ఒక్కో జట్టులో ఉన్నది 8,901 మంది. వెయ్యి మందికి లెక్క కడితే, మందు లేకపోతే దాదాపు 8 మందికి, వాడితే 3–4గురికి గుండెపోటు. అంటే వెయ్యి మంది రెండేళ్లు మాత్ర మింగితే తప్పినవి నాలుగు. ఇది అసలు తగ్గుదల.

ఇప్పుడు ఆయన సంగతి. 1994 నాటి ‘4ఎస్’ అధ్యయనంలో అప్పటికే గుండె జబ్బున్న 4,444 మందిని తీసుకున్నారు. ఐదేళ్లకు పైగా చూస్తే, ఉత్తుత్తి మాత్ర జట్టులో 256 మంది, సిమ్వాస్టాటిన్ జట్టులో 182 మంది చనిపోయారు. తగ్గుదల 30 శాతమే. అయినా వెయ్యికి లెక్కిస్తే 115 మరణాలు 82కి దిగాయి. 33 ప్రాణాలు నిలిచాయి.

ఈ రెండు అధ్యయనాల కాలం వేరు, కొలిచిందీ వేరు. కాబట్టి ఏ మందు గొప్పదో వీటితో తేల్చలేం. తెలిసేది ఒక్కటే. ముప్పు ఎక్కువున్న చోట చిన్న శాతం కూడా ఎక్కువ మందిని కాపాడుతుంది. ముప్పు తక్కువున్న చోట సగం తగ్గినా మిగిలేది కొద్దే.

అందుకే ఆయనకు ‘‘మీ గోలీ ఒక్కరోజు కూడా ఆపొద్దు’’ అని చెప్పాను. ఆవిడకు మాత్ర రాయలేదు. ముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసి, ఆవిడ సొంత ముప్పెంతో తేల్చుకుందాం అన్నాను.

మీ ఇంటికీ అలాంటి కరపత్రం వస్తే డాక్టర్‌ను మూడు ప్రశ్నలడగండి. నాలాంటి వెయ్యి మందిలో మందు లేకపోతే ఎందరికి వస్తుంది? వాడితే ఎందరికి? ఎన్నేళ్లలో? అలాగే, శాతాలు చూసి వాడుతున్న మందును మీ అంతట మీరు మానేయకండి, మార్చకండి.