గుర్రపు వాతానికి ఇంజెక్షన్: ప్రతి మోతాదుకూ ముందు మూడు పరీక్షలు

తొలి కాన్పు, ఎనిమిదో నెల. రెండు రోజులుగా తలనొప్పి. మాత్ర వేసుకున్నా తగ్గడం లేదు. కళ్ల ముందు మెరుపులు మెరిసినట్టుంటుంది, చూపు మసకబారుతుంది. డొక్క పైభాగంలో, కుడి పక్కటెముకల కింద నొప్పి. దాన్ని గ్యాస్ అనుకుంటారు. నెలలు నిండుతుంటే కాళ్ల వాపు మామూలే కానీ, పొద్దున లేచేసరికి ముఖం, చేతులు ఉబ్బి ఉంటే అది మామూలు కాదు. ఇవన్నీ ప్రీఎక్లాంప్సియా గుర్తులు. కొందరిలో ఏ గుర్తూ కనిపించదు, బీపీ చూస్తేనే బయటపడుతుంది. అందుకే ప్రతి చెకప్‌లోనూ బీపీ చూసి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేస్తారు.

20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. ప్రొటీన్ లేకపోయినా కాలేయం, కిడ్నీ, ప్లేట్‌లెట్లు దెబ్బతింటే అదీ ఇదే జబ్బు. బీపీ 160/110కి చేరినా, తలనొప్పి, చూపు మసక వంటివి తోడైనా పరిస్థితి తీవ్రమైనట్టే. ఆ తర్వాత వచ్చే ప్రమాదం ఫిట్స్. మన ఊళ్లలో దాన్నే గుర్రపు వాతం అంటారు.

ఆ ఫిట్స్ రాకుండా ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్. ఇది బీపీ మందు కాదు. బీపీకి లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి వేరుగా ఇస్తారు. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులపై జరిగిన మాగ్‌పై అధ్యయనంలో ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. అయితే జబ్బును పూర్తిగా నయం చేసేది కాన్పు ఒక్కటే. ఈ మందు అప్పటిదాకా తల్లిని కాపాడుతుంది.

మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో ముందు 4 గ్రాముల మందును పలచన చేసి నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. వెంటనే ఒక్కో పిరుదు కండరంలోకి లోతుగా 5 గ్రాముల చొప్పున ఇస్తారు. అంటే మొదటి విడతలోనే 14 గ్రాములు. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఒక పక్క, మరోసారి ఇంకో పక్క. ఎక్కించేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు, వాంతి వచ్చినట్టు ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు.

భయపడాల్సింది మందు ఒంట్లో పేరుకుపోయినప్పుడే. మెగ్నీషియం మూత్రం ద్వారానే బయటికి పోవాలి. కానీ ఈ జబ్బులో కిడ్నీలే మందగిస్తాయి. రక్తంలో మందు పెరిగేకొద్దీ నరాల నుంచి కండరాలకు సంకేతం అందదు. మొదట మోకాలి కుదుపు పోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది, ఆపైన గుండె ఆగుతుంది. ఈ వరుసే తల్లికి రక్ష. అందుకే ప్రతి మోతాదుకూ ముందు మూడూ చూడాలి: మోకాలి కుదుపు ఉండాలి, శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు, గడిచిన నాలుగు గంటల్లో మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున అయినా వచ్చి ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మధ్యాహ్నం రెండింటికి మొదటి విడత, సాయంత్రం ఆరింటికి 5 గ్రాములు ఇచ్చారు. రాత్రి పదింటికి మళ్లీ ఇవ్వాలి. నర్సు పేషెంట్ మోకాలి కింద చెయ్యి పెట్టి కాలు కాస్త ఎత్తి, వదులుగా వేలాడనిచ్చి, చిప్పకు కొంచెం కింద సుత్తితో తట్టింది. ఆరింటికి ఎగిరిన కాలు ఇప్పుడు కదల్లేదు. రెండో కాలూ అంతే. పేషెంట్‌కి చెప్పకుండానే, పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ నిమిషమంతా శ్వాస లెక్కపెట్టింది: 14. మూత్రం సంచిలో నాలుగు గంటలకు 60 మిల్లీలీటర్లే. ఇక ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. డాక్టర్‌ని పిలిచి, ఆక్సిజన్, విరుగుడు సిద్ధంగా పెట్టి, పక్కనే ఉండి చూస్తుంటుంది. మోకాలి కుదుపు, శ్వాస, మూత్రం మూడూ సరిగ్గా వచ్చాకే తర్వాతి మోతాదు గురించి డాక్టర్ నిర్ణయిస్తారు. శ్వాస ఇంకా పడిపోతే 1 గ్రాము కాల్షియం గ్లూకోనేట్, అంటే 10 శాతం మందు 10 మిల్లీలీటర్లు, నరంలోకి నెమ్మదిగా ఇస్తారు. అది మెగ్నీషియానికి విరుగుడు. శ్వాస ఆగితే ముందు అంబూ బ్యాగ్‌తో ఊపిరి అందించాలి.

ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. నడుముకి మత్తు ఇచ్చి ఉంటే ఆ మత్తు వల్లే మోకాలి కుదుపు పోవచ్చు. అప్పుడు మోచేతి దగ్గర తట్టి చూస్తారు.

కాన్పు అయిపోయిందని మందు వెంటనే ఆపరు. కాన్పు తర్వాతో, చివరి ఫిట్ తర్వాతో, ఏది ఆలస్యమైతే అక్కణ్నుంచి 24 గంటలు కొనసాగిస్తారు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఇంటికొచ్చాక ఆరు వారాల లోపు బాలింతకు తీవ్రమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా నిద్ర లేకనో, నీరసం వల్లో అనుకుని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో కాన్పు అయి ఎన్నాళ్లయిందో ముందుగా చెప్పండి.