చౌకగా కొనాలనుకునేవారికి పుట్ ప్రీమియం

1993 ఏప్రిల్‌లో కోకకోలా షేరు 40 డాలర్లకు కాస్త దిగువన ఉంది. వారెన్ బఫెట్ నడిపిన బెర్క్‌షైర్ హాథవే దగ్గర అప్పటికే ఆ కంపెనీలో పెద్ద వాటా ఉంది. ఇంకొన్ని షేర్లు కొనడానికి బఫెట్ సుముఖమే, కానీ ఆ ధరకు కాదు. అలాంటప్పుడు మామూలు మదుపరి 35 డాలర్లకు కొనుగోలు ఆర్డరు పెట్టి, ధర దిగివచ్చేదాకా చూస్తాడు. బఫెట్ మరో దారి పట్టారు. 50 లక్షల షేర్ల మీద పుట్ ఆప్షన్లు అమ్మారు. షేరుకు ఒకటిన్నర డాలరు చొప్పున 75 లక్షల డాలర్లు బెర్క్‌షైర్‌కు ముందుగానే వచ్చాయి.

పుట్ కొన్నవారికి దక్కేది ఒక హక్కు. గడువులోగా ఆ షేర్లను ముందే ఖాయం చేసుకున్న ధరకు అమ్మేసే హక్కు. ఆ ధరనే స్ట్రైక్ ధర అంటారు. పుట్ అమ్మినవారి మీద ఉండేది బాధ్యత. అవతలివారు అమ్ముతామంటే, మార్కెట్లో ధర ఎంత పడిపోయినా స్ట్రైక్ ధర చెల్లించి తీసుకోవాల్సిందే. ఈ బాధ్యత మోసినందుకు ముట్టేదే ప్రీమియం. నష్టభయాన్ని ఒకరి నుంచి ఇంకొకరు డబ్బు తీసుకుని నెత్తిన వేసుకోవడం కాబట్టి ఇది బీమా వ్యాపారంలాంటిదే. షేర్లు కొనడానికి కావలసిన మొత్తాన్నీ ఖాతాలో విడిగా ఉంచి పుట్ అమ్మితే దాన్ని క్యాష్ సెక్యూర్డ్ పుట్ అంటారు.

కోకకోలా పుట్‌ల స్ట్రైక్ 35 డాలర్లు, గడువు ఆ ఏడాది డిసెంబరు. ధర 35 కిందికి పడితే బెర్క్‌షైర్ షేర్లు తీసుకోవాలి. చేతికొచ్చిన ఒకటిన్నర డాలరు పోగా షేరుకు అసలు ఖర్చు 33.50 డాలర్లు. పడకపోతే షేర్లు రావు, ప్రీమియం మాత్రం మిగులుతుంది. చివరికి జరిగింది రెండోదే. డిసెంబరులో షేరు 35కి బాగా పైనే ఉంది. 75 లక్షల డాలర్లు మిగిలాయి, చవక షేర్లు మాత్రం రాలేదు.

దీన్ని సామాన్య మదుపరి స్థాయికి తెద్దాం. అమెరికాలో ఒక ఆప్షన్ కాంట్రాక్టు అంటే సాధారణంగా 100 షేర్లు. ఒక షేరు 52 డాలర్ల వద్ద ఉందనుకుందాం. 50 అయితే కొనవచ్చని మదుపరి లెక్క. అతను ఖాతాలో 5,000 డాలర్లు పక్కన పెట్టి, నెల రోజుల గడువున్న 50 స్ట్రైక్ పుట్ ఒకటి అమ్మాడు. షేరుకు 1.20 డాలర్ల చొప్పున 120 డాలర్లు వచ్చాయి. గడువు నాటికి షేరు 53 వద్ద ఉంటే పుట్ చెల్లకుండా పోతుంది, 120 మిగులుతాయి. నెలకు 2.4 శాతం అన్నమాట. 49కి దిగితే 100 షేర్లు 50 చొప్పున ఖాతాలోకి వస్తాయి. దీన్నే అసైన్‌మెంట్ అంటారు. ప్రీమియం తీసేస్తే అసలు ఖర్చు 48.80. అంటే మార్కెట్ ధరకన్నా 20 సెంట్లు తక్కువకే కొన్నట్టు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. అదే షేరు 40కి కూలితే? అప్పుడు కూడా 50 చొప్పున తీసుకోవాల్సిందే. 120 డాలర్ల ప్రీమియం తీసేసినా కాగితం మీద నష్టం 880 డాలర్లు. పోనీ 65కి ఎగబాకితే? ఆ రోజే 52కి కొన్నవాడు 1,300 డాలర్లు సంపాదించగా, పుట్ అమ్మినవాడికి దక్కేది ఆ 120 మాత్రమే. లాభానికి పైన మూత ఉంది. నష్టం మాత్రం షేరు సున్నా అయ్యేదాకా పోవచ్చు.

ఇది మామూలు కొనుగోలు ఆర్డరు లాంటిదే కదా, పైగా కూర్చున్నందుకు డబ్బు కూడా వస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు. రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. కంపెనీ గురించి చెడువార్త వస్తే ఆర్డరును నిమిషంలో రద్దు చేసుకోవచ్చు. అమ్మిన పుట్‌ను అలా రద్దు చేయలేం. వదిలించుకోవాలంటే తిరిగి కొనాలి. చెడువార్త వచ్చాక దాని ధర అమ్మినప్పటికన్నా ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది.

బెర్క్‌షైర్‌కే ఈ రెండో అనుభవమూ ఉంది. 2008 చివర్లో మార్కెట్లు కుప్పకూలుతున్న వేళ రైల్వే కంపెనీ బర్లింగ్టన్ నార్తర్న్ శాంటా ఫే షేర్లపై పుట్‌లు అమ్మింది. వాటిలో కొన్ని అసైన్ అయ్యాయి. ఆనాటి మార్కెట్ ధరకన్నా ఎక్కువ ఇచ్చి షేర్లు తీసుకుంది. అయినా కంగారు పడలేదు. ఆ కంపెనీని దీర్ఘకాలం ఉంచుకోవాలన్నదే దాని ఉద్దేశం. 2010లో కంపెనీ మొత్తాన్నీ షేరుకు 100 డాలర్లు లెక్కన కొనేసింది.

ఈ పద్ధతిలో తప్పటడుగు పడేది ఎక్కువగా షేరు ఎంపికలోనే. మదుపరి కొనదగిన కంపెనీని కాక, లావుపాటి ప్రీమియం ఇచ్చే కంపెనీని వెతుకుతాడు. మార్కెట్ ఊరికే ఎక్కువ ప్రీమియం ఇవ్వదు. త్రైమాసిక ఫలితాలో, కోర్టు తీర్పో, ఔషధ అనుమతో గడువులోపు ఉందంటే షేరు ఒక్కసారిగా ఎటైనా దూకవచ్చని ప్రీమియంలో ముందే లెక్క కడతారు. ఒకే రంగంలోని రెండు షేర్లలో ఒకదాని పుట్ రెట్టింపు ధర పలుకుతుంటే, గడువులోపు ఏ ప్రకటన ఉందో చూడటం మొదటి పని.

మన దేశంలో లెక్క కొంచెం మారుతుంది. ఎన్‌ఎస్‌ఈలో స్టాక్ ఆప్షన్లు 2001 జులైలో మొదలయ్యాయి. 2011 నుంచి అవి యూరోపియన్ తరహావి, అంటే కొన్నవారు హక్కును గడువు రోజున మాత్రమే వాడుకోగలరు. అమెరికాలోని స్టాక్ ఆప్షన్లలో గడువుకు ముందే అసైన్‌మెంట్ రావచ్చు. 2019 అక్టోబరు నుంచి స్టాక్ ఆప్షన్లన్నింటికీ ఇక్కడ నగదు తేడా బదులు నేరుగా షేర్లే చేతులు మారుతున్నాయి కాబట్టి, పుట్ అమ్మి షేరు పొందడం సాధ్యమే. చిక్కు లాట్ సైజుతో. 500 షేర్ల లాట్, 1,300 రూపాయల స్ట్రైక్ అయితే సిద్ధంగా ఉంచాల్సింది ఆరున్నర లక్షలు.

బ్రోకరు మాత్రం అంత అడగడు. మార్జిన్ కింద అందులో కొంత భాగం ఉంటే చాలంటాడు. ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ఆరున్నర లక్షలతో ఒక లాట్ అమ్మాల్సినవాడు, మార్జిన్ సరిపోతోంది కదా అని మూడు లాట్లు అమ్ముతాడు. షేరు పడితే మార్జిన్ పెరుగుతుంది. గడువుకు ముందు చివరి రోజుల్లో షేర్ల బట్వాడా కోసం ఇంకా పెంచుతారు. డబ్బు చూపలేకపోతే బ్రోకరే నష్టానికి పొజిషన్ మూసేస్తాడు. అప్పుడిక అది క్యాష్ సెక్యూర్డ్ పుట్ కాదు, అప్పు మీద ఆడిన పందెం. ఫ్యూచర్స్, ఆప్షన్లలో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది.

కాబట్టి పుట్ అమ్మేముందు ప్రీమియాన్ని కాసేపు పక్కనపెట్టి చూడండి. ఆ స్ట్రైక్ ధరకు, ఆ కంపెనీ షేర్లు, అన్నేసి లెక్కన, ప్రీమియం ఏమీ రాకపోయినా కొంటారా? కొంటామనుకుంటే పూర్తి సొమ్ము విడిగా ఉంచి ఒక్క లాట్‌తో మొదలుపెట్టవచ్చు. సందేహముంటే ఆ పుట్ అమ్మకండి.