ప్లస్సా, మైనస్సా? అంబులెన్సు సైరన్ చెప్పే లెక్క

నోటు పుస్తకంలో వేసిన బొమ్మను ఫోనుతో ఫొటో తీసి, కింద ‘ఇక్కడ మైనస్ ఎందుకొచ్చింది సార్?’ అని రాసి పంపే ఇంటర్ విద్యార్థులు ఏటా ఉంటారు. అలాంటి ఫొటో ఒకటి ముందు పెట్టుకుందాం. గీతల కాగితం మీద ఒక రోడ్డు. ఎడమ వైపున అంబులెన్సు, దాని మీద S అనే అక్షరం. కుడి వైపున మోటారు సైకిలు, దాని మీద O. ఇక్కడ S అంటే ధ్వని పుట్టే చోటు, అంటే జనకం. O అంటే వినే మనిషి, అంటే శ్రోత. రెండు బళ్ల మీదా బాణం గుర్తులున్నాయి, రెండూ కుడి వైపుకే. అంబులెన్సు వేగం సెకనుకు 20 మీటర్లు, మోటారు సైకిలు వేగం 10 మీటర్లు. మనకు అలవాటైన లెక్కలో గంటకు 72, 36 కిలోమీటర్లు. సైరన్ పౌనఃపున్యం 700 హెర్ట్జ్. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. బండి మీదున్న మనిషికి ఆ సైరన్ ఎంత పౌనఃపున్యంతో వినిపిస్తుంది?

దీనికి పుస్తకాల్లో ఉండే సూత్రం ఇది:

f' = f × (v ± vₒ) / (v ∓ vₛ)

ఇందులో f అసలు పౌనఃపున్యం, f' వినిపించే పౌనఃపున్యం, v ధ్వని వేగం, vₒ శ్రోత వేగం, vₛ జనకం వేగం. పైన ఒక ప్లస్-మైనస్, కింద ఒక ప్లస్-మైనస్ ఉన్నాయి కాబట్టి నాలుగు రకాలుగా రాయొచ్చు. మన అంకెలు వేస్తే నాలుగు జవాబులొస్తాయి: 765.6, 721.9, 680.6, 641.7 హెర్ట్జ్. వీటిలో ఈ బొమ్మకు సరిపడేది ఒక్కటే. దాన్ని పట్టుకోవాలంటే గుర్తులను బట్టీ పట్టనక్కర్లేదు. గాలిలో ఏం జరుగుతోందో చూస్తే చాలు.

జనకం కదిలితే అల పొడవు మారుతుంది

ముందు అంబులెన్సు సంగతి. మోటారు సైకిలును కాసేపు మర్చిపోదాం. సైరన్ సెకనుకు 700 అలలను గాలిలోకి వదులుతుంది. అంబులెన్సు ఆగి ఉంటే, సెకను ముగిసేసరికి మొదటి అల 340 మీటర్ల దూరం వెళ్లి ఉంటుంది, చివరిది అప్పుడే సైరన్ దగ్గర బయలుదేరుతుంటుంది. 700 అలలు 340 మీటర్లలో సర్దుకున్నాయి కాబట్టి ఒక్కో అల పొడవు దాదాపు 48.6 సెంటీమీటర్లు.

ఇప్పుడు అంబులెన్సు కుడి వైపుకు నడుస్తోంది. మొదటి అల ఎప్పటిలాగే 340 మీటర్లు వెళ్లింది. ఒకసారి గాలిలోకి వెళ్లిన అలకు అంబులెన్సు వేగంతో పని లేదు. కానీ చివరి అల బయలుదేరే వేళకు అంబులెన్సు 20 మీటర్లు ముందుకొచ్చేసింది. కాబట్టి ఆ 700 అలలూ 320 మీటర్లలోనే ఇరుక్కోవాలి. ఒక్కో అల పొడవు 45.7 సెంటీమీటర్లకు తగ్గింది. అంబులెన్సు వెనక వైపున ఇదే తిరగబడుతుంది: అక్కడ 700 అలలకు 360 మీటర్ల చోటు దొరుకుతుంది, ఒక్కోటి 51.4 సెంటీమీటర్లకు సాగుతుంది.

సూత్రంలో కింద ఉన్న భాగం చెప్పేది ఇదే. జనకం శ్రోత వైపు వస్తుంటే అలలకు చోటు తగ్గుతుంది, అందుకే v నుంచి vₛ తీసివేస్తాం. దూరంగా వెళుతుంటే చోటు పెరుగుతుంది, అందుకే కలుపుతాం. దగ్గరకు రావడమంటే ప్లస్ కదా అనుకుని ఇక్కడ ప్లస్ వేసేవాళ్లు ఎక్కువ. కానీ ఇది హారం. హారం తగ్గితేనే విలువ పెరుగుతుంది.

శ్రోత కదిలితే అలలు తగిలే వేగం మారుతుంది

ఇక మోటారు సైకిలు. శ్రోత కదిలినంత మాత్రాన గాలిలోని అల పొడవు మారదు, అది సైరన్ దగ్గరే ఖాయమైపోయింది. మారేది అలలు అతన్ని అందుకునే వేగం. చెరువులో అలలకు ఎదురీదే వాడికి అవి గబగబా తగులుతాయి, అలల వెంట ఈదే వాడికి ఆగి ఆగి తగులుతాయి. ఇదీ అంతే. మన మోటారు సైకిలు అలలు పోయే వైపుకే పోతోంది. అలలు 340తో తరుముకొస్తుంటే అతను 10తో ముందుకు జరుగుతున్నాడు, కాబట్టి అతన్ని అవి 330తోనే దాటగలవు. అందుకే పైన మైనస్. అతను అంబులెన్సుకు ఎదురుగా వస్తుంటే 350 అయ్యేది, అప్పుడు ప్లస్.

ఇప్పుడు రెంటినీ కలుపుదాం. అలలు దాటే వేగం 330, ఒక్కో అల పొడవు 320/700. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సెకనుకు ఎన్ని అలలు చెవిని తాకుతాయో వస్తుంది:

f' = 700 × 330 / 320 = 721.9 హెర్ట్జ్

జవాబును ఎలా పరీక్షించుకోవాలి

లెక్క పూర్తయ్యాక చాలామంది చేసే పరీక్ష ఒకటుంది. రెండింటి మధ్య దూరం తగ్గుతోందా, పెరుగుతోందా అని చూడటం. ఇక్కడ అంబులెన్సు వేగం ఎక్కువ, కాబట్టి దూరం తగ్గుతోంది. వినిపించేది 700 కంటే ఎక్కువ ఉండాలి. ఈ పరీక్షతో 680.6, 641.7 ఎగిరిపోతాయి. కానీ 765.6 మాత్రం దర్జాగా నిలబడుతుంది, ఎందుకంటే అదీ 700 కంటే ఎక్కువే. అది ఇద్దరూ ఒకరికొకరు ఎదురొచ్చే బొమ్మకు జవాబు. కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే సరిపోదు.

దీనికి తోడుగా ఇంకొకటి చేయాలి. రెండు బళ్లూ ఒకే దిక్కున, ఒకే వేగంతో పోతున్నాయనుకోండి. మధ్య దూరం మారదు, సైరన్ ఎలా మోగుతోందో అలాగే వినిపించాలి. అంటే పైనా కిందా ఒకే అంకె ఉండాలి. అది జరగాలంటే రెండు చోట్లా ఒకే గుర్తు ఉండి తీరాలి. దీన్నుంచి పనికొచ్చే నియమం ఒకటి దొరుకుతుంది: బాణాలు రెండూ ఒకే వైపుకుంటే పైనా కిందా ఒకే గుర్తు, ఎదురెదురు దిక్కులకుంటే వేర్వేరు గుర్తులు. 765.6 రావాలంటే పైన ప్లస్, కింద మైనస్ వేయాలి. మన బొమ్మలో బాణాలు ఒకే వైపుకున్నాయి కాబట్టి ఆ జవాబు ఇక్కడ పడిపోతుంది. రెండు పరీక్షలూ దాటి నిలిచేది 721.9 ఒక్కటే.

బాణాలు అవే, గుర్తులు వేరు

కాసేపటికి అంబులెన్సు మోటారు సైకిలును దాటి ముందుకెళ్లింది. వేగాలు మారలేదు, బాణాలూ మారలేదు, ఇప్పటికీ రెండూ కుడి వైపుకే. మారింది ఒకటే: S ఇప్పుడు O కి కుడి వైపున ఉంది. శ్రోతకు అంబులెన్సు వెనక వైపు అలలు అందుతున్నాయి, కాబట్టి కింద 360. అవి ఎడమ వైపుకు వస్తుంటే అతను కుడి వైపుకు పోతూ వాటికి ఎదురెళుతున్నాడు, కాబట్టి పైన 350.

f' = 700 × 350 / 360 = 680.6 హెర్ట్జ్

రెండు చోట్లా మైనస్ ఉన్నవి ఇప్పుడు రెండు చోట్లా ప్లస్ అయ్యాయి. 721.9 నుంచి 680.6 కి దిగడమంటే, హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి దాని పక్కనే కింద ఉన్న మెట్టుకు దిగినంత తేడా. సంగీతం నేర్చుకోని చెవికి కూడా అది తెలుస్తుంది. ఈ మార్పు దాటే వేళ చుట్టుపక్కలే జరుగుతుంది. దూరం నుంచి నేరుగా మన వైపు వస్తున్నంతసేపూ సైరన్ పౌనఃపున్యం దాదాపు ఒకే చోట ఉంటుంది. అప్పుడు పెరిగేది గట్టితనమే, కీచుదనం కాదు. ఈ రెంటినీ కలిపేసుకుని, దగ్గరవుతున్నకొద్దీ పౌనఃపున్యం పెరుగుతూ పోతుందనుకోవడం తప్పు.

అందుకే ఫొటోలో చూడాల్సింది కుడి ఎడమలు కాదు. ఎవరు ఎవరి వైపు వెళుతున్నారన్నది చూడాలి. సెల్ఫీ కెమెరా కొన్నిసార్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది. అలా తిప్పినా అంబులెన్సు మోటారు సైకిలు వైపే వెళుతుంటుంది, జవాబు మారదు. ‘కుడి వైపు ప్లస్’ అని గ్రాఫు అలవాటుతో సూత్రంలో గుర్తులు వేసినవాళ్లకు మాత్రం జవాబు మారిపోతుంది. ఫొటో తీసేటప్పుడు అంచు తెగి మోటారు సైకిలు బాణం మొన పోతే 721.9, 765.6 రెండూ సాధ్యమే. అప్పుడు ఊహించకూడదు, అసలు పేజీ అడగాల్సిందే.

కొన్ని పుస్తకాలు శ్రోత నుంచి జనకం వైపు దిక్కును ప్లస్‌గా తీసుకుని, సూత్రంలో పైనా కిందా ప్లస్ రాస్తాయి. మరికొన్ని జనకం నుంచి శ్రోత వైపు దిక్కును ప్లస్‌గా తీసుకుని రెండు చోట్లా మైనస్ రాస్తాయి. ఏ పద్ధతిలోనైనా 721.9 వస్తుంది. తేడా వచ్చేది ఒక పుస్తకంలోని సూత్రాన్ని ఇంకో పుస్తకంలోని దిక్కుతో కలిపినప్పుడే.

S, O అక్షరాలు తారుమారైతే?

ఎవరు కదిలినా దగ్గరవడమే కదా, ఏ అక్షరం ఎక్కడుంటే ఏమిటి అనిపించవచ్చు. ఇదే సైరన్ సెకనుకు 34 మీటర్ల వేగంతో, నిలబడి ఉన్న మనిషి వైపు వస్తే 700 × 340 / 306, అంటే 777.8 హెర్ట్జ్ వినిపిస్తుంది. సైరన్ ఆగి ఉండి, మనిషే అదే వేగంతో దాని వైపు వెళితే 700 × 374 / 340, అంటే 770. దగ్గరయ్యే వేగం ఒకటే అయినా జవాబులు వేరు. ఒక సందర్భంలో అలల పొడవే మారింది, మరో సందర్భంలో పొడవు అలాగే ఉండి అవి తగిలే వేగం మారింది. ఈ వేగాలన్నీ గాలిని బట్టి కొలిచినవి. అందుకే అంబులెన్సు వైపు నుంచి శ్రోత వైపు గాలి వీస్తుంటే, ఆ గాలి వేగాన్ని పైనా కిందా ఉన్న 340 కి కలపాలి.

ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో ఈ ఆలోచనను బయటపెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నవి నక్షత్రాల రంగులు. దాన్ని ధ్వని మీద పరీక్షించినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన బైస్ బాలట్. 1845లో ఉట్రెక్ట్ దగ్గర రైలు మార్గం మీద ఆయన కొమ్ముబూరాలు ఊదేవాళ్లను రైల్లో ఎక్కించి, స్వరజ్ఞానమున్న సంగీతజ్ఞులను పట్టాల పక్కన నిలబెట్టాడు. ఊదేవాళ్లను నేల మీద ఉంచి వినేవాళ్లను రైల్లో తిప్పడం కూడా చేశాడు. మన సూత్రంలో కింది భాగం, పై భాగం వేర్వేరుగా చెప్పే రెండు సందర్భాలూ ఇవే. చిక్కుబొమ్మ ఏదైనా ఎదురైతే చేయాల్సిందీ అదే: ముందు శ్రోతను ఆపి జనకాన్ని కదపండి, కింది గుర్తు తేలుతుంది. తరవాత జనకాన్ని ఆపి శ్రోతను కదపండి, పై గుర్తు తేలుతుంది. అంకెలు ఆ తరవాత వేసుకోవచ్చు.