ప్యానింగ్ ఫొటోలో కొత్త మనిషి: ఎంత చెదరాలి?

రోడ్డు మీద దూసుకుపోయే ఆటో వెంట కెమెరాను తిప్పుతూ తీసిన ఫొటోలో ఆటో స్పష్టంగా పడుతుంది. వెనకున్న రెయిలింగు, చెట్లు, దీపస్తంభాలు మాత్రం అడ్డంగా చారలైపోతాయి. దీన్నే ప్యానింగ్ అంటారు. పోస్టర్లు, ప్రకటనలు, పుస్తకాల అట్టలు చేసేవాళ్లకు ఇలాంటి ఫొటోలో ఇంకో బైకునో, పరుగెత్తే మనిషినో తర్వాత కంప్యూటర్‌లో చేర్చాల్సిన అవసరం తరచూ పడుతుంది. అతికించిన మనిషిని పదునుగా వదిలేస్తే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. అందుకని చాలామంది, వెనక దృశ్యం ఎంత చెదిరిందో కొలిచి కొత్త మనిషినీ అంతే చెదరగొడతారు. ఇది పైకి సబబుగానే కనిపిస్తుంది కానీ ఇదీ తప్పే. అంత చెదిరేది కదలకుండా నిలబడ్డ వస్తువు మాత్రమే. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా, ఆ మనిషి పరుగెత్తుతున్నట్టు లేడని వాళ్ల కంటికి తెలిసిపోతుంది.

అసలు చెదురు ఎందుకొస్తుందో చూద్దాం. షటర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరా ఒక వేగంతో పక్కకు తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడుతో సమానంగా సాగిన వస్తువు ఫొటోలో నిలిచిపోతుంది, వెనకబడినదీ ముందుకుపోయినదీ ఆ తేడా మేరకు సాగిపోతుంది. పక్కపక్క పట్టాల మీద రెండు రైళ్లు ఒకే వేగంతో పోతుంటే, కిటికీలోంచి చూసేవాడికి అవతలి రైలు నిలబడినట్టుండటం లాంటిదే ఇది. అయితే ఇక్కడ వేగమంటే గంటకు ఇన్ని కిలోమీటర్లని కాదు. కెమెరా ముందు ఆ వస్తువు ఎంత త్వరగా పక్కకు జరిగినట్టు కనిపిస్తుందన్నదే లెక్క. అది తెలియాలంటే వస్తువు వేగాన్ని కెమెరా నుంచి దానికున్న దూరంతో భాగించాలి. ఒకే వేగంతో పోయే రెండు బైకుల్లో దూరంగా ఉన్నది నెమ్మదిగా జరిగినట్టు కనిపించడానికి కారణం ఇదే.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం, దీపాలు వెలిగే వేళకు ఇలాంటి ఫొటో ఒకటి తీశామనుకుందాం. 50 మిల్లీమీటర్ల లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, సెకనులో 30వ వంతు షటర్, ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. ఆటో మనకు 10 మీటర్ల దూరంలో ఎడమ నుంచి కుడికి పోతోంది. అవతల, హుస్సేన్‌సాగర్ వైపు ఫుట్‌పాత్ మీద, కెమెరాకు 12 మీటర్ల దూరంలో, అదే దిక్కున పరుగెత్తే ఒక మనిషిని చేర్చాలి.

మొదట వెనక దృశ్యంలో చార పొడవు కొలవాలి. దీనికి దీపం బాగా పనికొస్తుంది. చీకట్లో దీపపు చుక్క కెమెరా తిరిగిన దారినంతా గీసిపెడుతుంది. ఆ గీత పొడవులోంచి దీపం అసలు వెడల్పు తీసేస్తే మిగిలేదే చార. గుండ్రటి దీపమైతే గీత మందమే దాని వెడల్పు. మన ఫొటోలో ఇది 280 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. గీత వాలు కూడా అక్కడే చూసుకోవాలి. చేతిలో కెమెరా సరిగ్గా అడ్డంగా తిరగడం అరుదు, ఒకటి రెండు డిగ్రీలు పైకో కిందికో వాలుతుంది. కొత్త బొమ్మ చెదురు కూడా ఆ వాలులోనే పడాలి.

ఆటో వేగాన్ని కూడా ఈ గీతే చెబుతుంది. ఆటో పొడవు దాదాపు 2.6 మీటర్లు. ఫొటోలో అది 2200 పిక్సెళ్లు ఉంటే, ఆటో ఉన్న దూరంలో 280 పిక్సెళ్లంటే సుమారు 33 సెంటీమీటర్లు. సెకనులో 30వ వంతులో ఆటో అంత దూరం సాగింది. అంటే సెకనుకు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. ఫొటో తీసినప్పుడు ఏమీ రాసిపెట్టుకోకపోయినా, షటర్ వేగం ఫైల్లో ఉంటుంది కాబట్టి ఈ లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు పరుగెత్తే మనిషి సంగతి. మామూలుగా జాగింగ్ చేసేవాళ్లు సెకనుకు 3 మీటర్లు సాగుతారనుకుందాం. దాన్ని 12తో భాగిస్తే 0.25. ఆటో వేగం 10ని దాని దూరం 10తో భాగిస్తే 1. కెమెరా తిరిగినదాంట్లో నాలుగో వంతు మాత్రమే ఈ మనిషి అందుకున్నాడు, మూడు వంతులు వెనకబడ్డాడు. కాబట్టి అతను చెదరాల్సింది 280లో మూడు వంతులు, 210 పిక్సెళ్లు. అతనే ఎదురు దిక్కున పరుగెత్తితే తేడా తగ్గకపోగా పెరుగుతుంది, 350 పిక్సెళ్లవుతుంది. అంటే నిలబడ్డ స్తంభం కంటే ఎదురొచ్చే మనిషే ఎక్కువ సాగిపోవాలి. అనుభవమున్నవాళ్లు కూడా ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. ఇక ఆటో పక్కనే, అంతే దూరంలో సెకనుకు 12 మీటర్లతో దాన్ని దాటిపోయే బైకుకైతే 56 పిక్సెళ్లు చాలు.

210 పిక్సెళ్లంటే ఎంతో ఒకసారి ఆలోచించాలి. ఆ దూరంలో అది 30 సెంటీమీటర్లు, ఇంచుమించు పక్కనుంచి కనిపించే మనిషి ఛాతీ అంత. అంత చెదిరాక ముఖం గుర్తుపట్టడం జరగని పని. ప్రకటన చేయించేవారు మనిషి ముఖం కనబడాల్సిందేనంటే, చెదురు తగ్గించి సరిపెట్టే ముందు అతని చోటు మార్చి చూడటం మేలు. అదే మనిషి మన వైపు ఫుట్‌పాత్ మీద 4 మీటర్ల దూరంలో పరుగెత్తుతుంటే లెక్క 0.75 అవుతుంది, చెదురు 70 పిక్సెళ్లకు దిగుతుంది. అప్పుడతను ఫ్రేములో పై నుంచి కింది దాకా దాదాపు నిండిపోతాడు, ఆటో మీద ఫోకస్ ఉంది కాబట్టి కొంత మసకగానూ ఉంటాడు. కానీ అలాంటి దృశ్యం నిజంగా కెమెరాకు చిక్కేదే.

మనిషికి కాళ్లూ చేతులూ ఉన్నాయి, అవన్నీ ఒకే వేగంతో సాగవు. ఒంటికాలి మీద ఉన్న క్షణంలో నేలనానిన పాదం కదలదు. అది ఫుట్‌పాత్‌లాగే పూర్తిగా 280 పిక్సెళ్లు చెదరాలి. ముందుకు విసిరే పాదం ఒంటికంటే దాదాపు రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 6 మీటర్ల చొప్పున పోతుంది. లెక్కేస్తే దాని చెదురు 140 పిక్సెళ్లే. ఆటోను వెంబడించే కెమెరాకు, పరుగెత్తే మనిషిలో అన్నింటికంటే త్వరగా ఊగే కాలే అన్నింటికంటే స్పష్టంగా పడుతుందన్నమాట. ముందుకొచ్చే చెయ్యి ఒంటికంటే తక్కువ చెదురుతుంది, వెనక్కిపోయే చెయ్యి ఎక్కువ చెదురుతుంది.

అందుకే మనిషి మొత్తానికీ ఒకే Motion Blur వేస్తే అట్టముక్కను లాగినట్టుంటుంది. ఫొటోషాప్‌లో Filter > Blur Gallery > Path Blur దీనికి అనువుగా ఉంటుంది. ఛాతీ మీద ఒక గీత, ఆనిన పాదం మీద పొడవాటి గీత, ఊగే పాదం మీద పొట్టి గీత గీస్తే, మధ్యలో తొడలూ మోకాళ్లూ క్రమంగా సర్దుకుంటాయి. అందులో Taper సున్నా దగ్గరే ఉంచాలి. షటర్ ఠక్కున తెరుచుకుని ఠక్కున మూసుకుంటుంది కాబట్టి అసలు చారల చివర్లు సన్నగిల్లవు, తెగినట్టే ఉంటాయి. ఇంకో సంగతి, చేర్చే బొమ్మ సెకనులో 500వ వంతో ఇంకా తక్కువో షటర్‌తో, పదునుగా తీసినదై ఉండాలి. ముందే చెదిరిన బొమ్మ మీద రెండో చెదురు పడితే ఏ లెక్కా నిలవదు.

వాహనాన్ని చేర్చేటప్పుడు ఇదే చిక్కు చక్రాల దగ్గర వస్తుంది. 33 సెంటీమీటర్లు సాగిన బైకు చక్రం, దాని వ్యాసార్ధం 30 సెంటీమీటర్లయితే, ఆ కాస్సేపట్లో 60 డిగ్రీలకు పైగా తిరిగి ఉంటుంది. బాడీ ఎంత స్పష్టంగా ఉన్నా ఆకులు కనిపించకూడదు. Spin Blur వేశాక, బైకుకు పడాల్సిన అడ్డచెదురు దాని మీద వేయాలి.

నీడ విషయంలో చాలా మంచి పనులు కూడా చెడిపోతాయి. నీడ పడేది రోడ్డు మీదే అయినా అది కదిలేది వాహనంతో. కాబట్టి నీడ అంచు వాహనం చెదిరినంతే చెదరాలి, ఆ నీడలో కనిపించే రోడ్డు మాత్రం 280 పిక్సెళ్ల చారలతోనే ఉండాలి. వేరే ఫొటోలోంచి వాహనాన్ని నీడతో సహా, కింది రోడ్డుతో సహా కోసుకొచ్చి అతికిస్తే ఇది కుదరదు. వాహనాన్ని మాత్రమే తెచ్చి, నీడను వేరే లేయర్ మీద Multiply పద్ధతిలో వేస్తే కింది చారలు వాటంతట అవే కనబడతాయి.

దీపాలకు, మెరిసే క్రోమ్‌కు ఇంకో జాగ్రత్త కావాలి. నిజంగా కెమెరా ముందు కదిలిన హెడ్‌లైట్ తెల్లగా మెరిసే గీత గీస్తుంది. పదును బొమ్మలో ఆ దీపం తెలుపు దగ్గరే ఆగిపోయింది, దాని అసలు వెలుగు అంతకు ఎన్నో రెట్లు. ఆ బొమ్మకు చెదురు వేస్తే ఆగిపోయిన తెలుపే పంచుకుపోయి బూడిదరంగు గీత మిగులుతుంది. దీనికి బొమ్మను 32 బిట్లకు మార్చి, దీపపు చోటు వెలుగును కొన్ని రెట్లు పెంచి, ఆ తర్వాతే చెదరగొట్టాలి. సాయంత్రపు ఫొటోల్లో అతుకును బయటపెట్టేది చాలాసార్లు ఈ బూడిద గీతే.

మొబైల్‌తో తీసిన ఫొటో అయితే ముందు వెనకున్న స్తంభాలను చూడాలి. మొబైల్ సెన్సర్ బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది, ఆలోగా కెమెరా తిరిగిపోతుంది కాబట్టి నిటారు స్తంభాలు ఒక పక్కకు వాలతాయి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ జాక్ అన్రీ లార్తీగ్ 1910ల తొలినాళ్లలో తీసిన రేసుకారు ఫొటోలో ఇదే మరింత గట్టిగా కనిపిస్తుంది. ఆయన కెమెరా షటర్ కూడా బొమ్మను పట్టీలు పట్టీలుగా నమోదు చేసేదే. కారు చక్రం ముందుకు వాలింది, చూస్తున్న జనం వెనక్కి వాలారు. కారు వేగాన్ని కెమెరా పూర్తిగా అందుకోకపోవడంతో రెండూ చెరో పక్కకు పోయాయి. మన ఫొటోలో స్తంభాలు వాలి ఉంటే కొత్తగా చేర్చిన మనిషినీ అదే వైపు, అతని చెదురు పాళ్లలో, అంటే స్తంభం వాలులో మూడు వంతులు వాల్చాలి. ఎదురొచ్చే మనిషికి ఆ వాలు స్తంభం కంటే ఎక్కువుంటుంది.

చివరి పని రెండు చిన్న సర్దుబాట్లు. ఆటోను ఎంత బాగా వెంబడించినా దాని నంబరు ప్లేటు అక్షరాలు రెండు మూడు పిక్సెళ్లయినా సాగి ఉంటాయి. ఆటోతో పాటే సాగుతుందని చేర్చిన వస్తువుకూ ఆ కాస్త చెదురు ఉండాలి. రెండోది గ్రెయిన్. చీకటి వేళ సెన్సర్ వేసే సన్నటి ఇసుకలాంటి చుక్కలు ఫొటో అంతా సమానంగా ఉంటాయి, చారల మీద కూడా. మనం వేసిన చెదురు అతికించిన బొమ్మలోని చుక్కలను తుడిచేస్తుంది. అందుకే చెదురు పని మొత్తం ముగిశాక, బొమ్మను నూరు శాతం పెద్దదిగా చూస్తూ, పక్కనున్న రెయిలింగు మీది చుక్కలతో పోల్చుకుంటూ ఆ మనిషి మీదా గ్రెయిన్ వేయాలి. అప్పటికీ ఏదో తేడాగా అనిపిస్తే, అతని బూటు మీదో బెల్టు మీదో మెరిసే చుక్క ఒకటి వెతికి, దాని గీత పొడవును మళ్లీ కొలిచి లెక్కతో సరిచూడాలి.