పెళ్లి క్యాసెట్‌కు తొలి డిజిటల్ ప్రతి

1990లలో తీసిన పెళ్లి క్యాసెట్లు ఇప్పటికీ చాలా ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. వాటిని ఆడించే వీసీఆర్‌లను మాత్రం ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. చివరిదాకా చేసిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. మిగిలిన మిషన్ల హెడ్లు అరుగుతున్నాయి, ఆడించినప్పుడల్లా టేపు మీది పూతా కొంచెం అరుగుతుంది. కాబట్టి యూఎస్‌బీ గ్రాబర్ కొని క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునేవారు ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి. తొలి ప్రతిలో టేపు మీద ఉన్నదేదీ పారేయకూడదు. సైజు తగ్గించడం, రంగులు దిద్దడం, ఫోన్లో చూసేలా మార్చడం వంటివన్నీ ఆ ప్రతి నుంచి తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఒక మూడు గంటల ఇ-180 పెళ్లి క్యాసెట్‌ను తీసుకుని చూద్దాం.

ఆడించే ముందు

క్యాసెట్ మీది చిన్న అద్దంలోంచి టేపు చుట్ట అంచును వెలుతురులో చూడండి. తెల్లటి పొడిలాగానో మచ్చల్లాగానో కనిపిస్తే అది బూజు. మన తేమ వాతావరణంలో ఇది మామూలే. దాన్ని అలాగే ఆడిస్తే బూజు వీసీఆర్ హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టి శుభ్రం చేయించాలి. టేపు శుభ్రంగా ఉంటే చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట సమంగా సర్దుకుంటుంది.

గ్రాబర్‌ను యూఎస్‌బీ హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి. దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు బొమ్మను ఎక్కించేటప్పుడే కుదించి, డీవీడీకి సరిపోయే ఎంపెగ్‌గా మార్చేస్తుంది. తొలి ప్రతికి అది పనికిరాదు. ఉచితంగా దొరికే వర్చువల్‌డబ్‌లో క్యాప్చర్ విభాగం వాడుకోవచ్చు.

ఏ సెట్టింగు ఎందుకు

ముందు టీవీ పద్ధతి. మన దేశంలో తీసిన క్యాసెట్‌కు `PAL_B` ఎంచుకోవాలి. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. వాటికి `NTSC_M`, 720x480 కొలత, సెకనుకు 29.97 ఫ్రేములు పెట్టాలి, ఆ టేపును ఆడించగల వీసీఆర్ కూడా ఉండాలి.

మన క్యాసెట్‌కు కొలత 720x576, వేగం సెకనుకు 25 ఫ్రేములు. వీహెచ్ఎస్‌లో అంత వివరం ఎక్కడుంది, 640x480 చాలదా అని కొందరంటారు. అడ్డంగా చూస్తే నిజమే, టేపులో అంత వివరం లేదు. నిలువునా మాత్రం 576 గీతలూ టేపు మీద ఉన్నాయి. పైగా అవన్నీ ఒకే క్షణానివి కావు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులుంటాయి, ఒక్కోదానిలో 288 గీతలు. సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన రెండు బొమ్మలు గీత విడిచి గీతగా అల్లుకుని ఉంటాయి. 576ను 480కి కుదిస్తే ఈ రెండు క్షణాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తర్వాత ఎవరూ విడదీయలేరు.

తలంబ్రాల ఘట్టంలో ఆపి చూస్తే ఇది తెలుస్తుంది. గాలిలో ఎగిరే బియ్యపు గింజల అంచులు, దోసిలి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. అది లోపం కాదు, రెండు ఫీల్డులూ చెక్కుచెదరకుండా వచ్చాయనడానికి గుర్తు. ఆ పళ్లు నచ్చక ఎక్కించేటప్పుడే డీఇంటర్‌లేస్ పెడితే సెకనుకు 50 క్షణాలుగా ఉన్న కదలిక చాలాసార్లు 25కు పడిపోతుంది. కాబట్టి దాన్ని ఆపేసి ఉంచండి.

రంగుల పద్ధతి `YUY2` పెట్టండి. కోడెక్‌గా హఫ్‌వైయూవీ వేసుకోండి. అది జిప్ ఫైలులా చోటును మాత్రమే తగ్గిస్తుంది, విప్పినప్పుడు ప్రతి చుక్కా మొదట ఎలా ఉందో అలాగే వస్తుంది. అసలేమీ కుదించకపోతే గంటకు దాదాపు 75 జీబీ కావాలి. హఫ్‌వైయూవీతో అది సుమారు 30 నుంచి 40 జీబీకి దిగుతుంది. మన మూడు గంటల క్యాసెట్‌కు 120 జీబీ ఖాళీ ఉంచుకోవాలి. డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ అయి ఉండాలి. ఎఫ్ఏటీ32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి ఏడెనిమిది నిమిషాలకే ఆగిపోతుంది. ధ్వనికి 48,000 హెర్ట్జ్, 16 బిట్, కుదించని పీసీఎం చాలు.

తర్వాత దిద్దలేనిది

వెలుగు స్థాయిని మాత్రం ఎక్కించేటప్పుడే సరిచూసుకోవాలి. వీడియోగ్రాఫర్ హాలోజన్ లైటు ముందు వధూవరుల తెల్లటి మధుపర్కాలు మెరిసిపోతుంటాయి. గ్రాబర్‌లో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఎక్కువైతే ఆ మడతలూ నేతా ఒకే తెల్లటి మచ్చగా మారతాయి. అలా తెగిపోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. వర్చువల్‌డబ్‌లో హిస్టోగ్రామ్ తెరిచి, ఆ ఘట్టాన్నే ఆడించి చూడండి. కొండ కుడి అంచుకు గుద్దుకుని గోడలా నిలబడితే కాంట్రాస్ట్ తగ్గించాలి. ఎడమ అంచున అలాగే ఉంటే నల్లటి జడ, మండపం నీడలు పోతున్నట్టు, బ్రైట్‌నెస్ కాస్త పెంచాలి. బొమ్మ కొంచెం చప్పగా కనిపించినా ఫర్వాలేదు, దాన్ని తర్వాత దిద్దవచ్చు.

సరిగ్గా వచ్చిందా

మొత్తం ఎక్కించే ముందు పది నిమిషాలు ప్రయత్నించి, పక్కన కనిపించే `Frames dropped`, `Frames inserted` అంకెలు చూడండి. షాటు మారే చోట, ఖాళీ టేపు వచ్చిన చోట ఒకటి రెండు పెరిగితే అక్కడ టేపు మీదే సిగ్నల్ తెగిందన్నమాట. నిలకడగా సాగే మంత్రాల మధ్యలో కూడా పెరుగుతూ పోతుంటే అది వేరే సమస్య. ముందు ఇతర ప్రోగ్రాములు మూసి, వేరే డిస్కుకు, వేరే యూఎస్‌బీ పోర్టుకు మార్చి చూడండి. అయినా తగ్గకపోతే వీసీఆర్ నుంచి వచ్చే సిగ్నల్ లయ తప్పుతోందని అర్థం. దాన్ని నిలకడ చేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న వీసీఆర్ వాడితేనో, మధ్యలో కొన్ని రకాల డీవీడీ రికార్డర్లు పెడితేనో చాలావరకు కుదురుకుంటుంది.

అంతా ఎక్కాక చివర్లోని అప్పగింతలకు వెళ్లి, మాటకూ పెదవికీ పొత్తు ఉందో లేదో చూడండి. మొదట్లో కుదిరి చివరికి ఎడం పెరిగితే దారిపొడవునా ఫ్రేములు జారాయన్నమాట. అప్పుడు కారణం వెతికి మళ్లీ ఎక్కించాల్సిందే.

కుదిరిన ఫైలును రెండు వేర్వేరు డిస్కుల్లో దాచి, దాన్ని మార్చకండి. ఇంట్లోవాళ్లకు పంపే ప్రతిని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో విడిగా తీయవచ్చు:

```
ffmpeg -i pelli.avi -vf "bwdif=mode=send_field:parity=tff,setdar=4/3" -pix_fmt yuv420p -c:v libx264 -crf 18 -c:a aac pelli.mp4
```

ఇది రెండు ఫీల్డులను విడదీసి సెకనుకు 50 ఫ్రేములు చేస్తుంది. కదలిక ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు ఉంటే ఫీల్డుల వరుస తారుమారైనట్టు, `tff` బదులు `bff` పెట్టి మళ్లీ నడపండి. పదేళ్ల తర్వాత ఇంతకన్నా మంచి పద్ధతి వచ్చినా, దాన్ని వాడుకోవడానికి వీసీఆర్ కోసం వెతకనక్కర్లేదు. ఈ తొలి ప్రతి ఒక్కటి ఉంటే చాలు.